రెండుసార్లు చుట్టిన వృత్తం

నా మాటకు ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు. కాదన్నారని కాదు నా బాధ. కాదంటే ఎందుకు కాదో అడిగేవాణ్ని. అసలు విననే లేదు. విన్నవాళ్లు నవ్వి చాయ్ తాగారు. అర్జీ పెట్టుకుంటే అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు, అంతే. నేను అడిగింది పెద్ద విషయం కూడా కాదు. వ్యాసార్థం ఒకటి ఉన్న వృత్తం చుట్టుకొలత ఎంత? ఏడో తరగతి పిల్లలు కూడా రెండు పై అంటారు. పేపర్లు దిద్దే హాల్లో మాత్రం నాలుగు పై అన్నారు. ఆ మాట మీద ఒక ఆడపిల్ల ఫెయిలయింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో గణితం చెప్పేవాణ్ని. గెస్టు లెక్చరర్ని. గెస్టు అంటే అతిథి అనుకునేరు. స్టాఫ్ రూములో కుర్చీలు నిండాక మిగిలిన స్టూలు మాది. ఫ్యాను గాలి మా దాకా రాదు. కాలేజీ వార్షికోత్సవంలో లెక్చరర్లందర్నీ వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పుతుంటే, నన్ను కుర్చీలు సర్దమన్నారు. ఇవన్నీ నాకు గుర్తున్నాయి. ఎవరు ఏ శాలువా కప్పుకున్నారో కూడా గుర్తుంది. కానీ ఇప్పుడు చెబుతున్నది నా గొడవ కాదు. నా గొడవే అని చాలామంది అనుకున్నారు కాబట్టి ముందే చెబుతున్నాను.

ఆ పిల్లది పోచంపల్లి వైపు. ఇంట్లో మగ్గం ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరూ నేస్తారు. హాస్టల్లో ఉండి చదువుకునేది. రెండో బెంచీలో గోడ పక్కన కూర్చునేది. నేను బోర్డు మీద తప్పు రాస్తే అందరికంటే ముందు దగ్గేది. లేచి చెప్పేది కాదు, దగ్గేది. ఆ దగ్గు వినగానే నేను వెనక్కి తిరిగి బోర్డు చూసుకునేవాణ్ని.

ధ్రువ నిరూపకాల్లో, అంటే పోలార్‌లో, వక్రం పొడవు చెప్పే రోజున నేను క్లాసుకు ఒక సకినం పట్టుకుపోయాను. వేళ్లతో పిండిని మెలిపెడుతూ నడిమి నుంచి బయటికి చుట్టలు చుట్టలుగా వేసిన సకినం. "ఈ పిండి తాడు సాపు చేస్తే ఎంత పొడవుంటుంది?" అని అడిగాను. నడిమి బిందువు నుంచి దూరం ఆర్, తిరిగిన కోణం థీటా. తిరిగిన కొద్దీ దూరం సమానంగా పెరుగుతుంది, అంటే ఆర్ విలువ థీటాకు ఏదో ఒక స్థిర సంఖ్య రెట్లు. అంతవరకు అందరికీ అర్థమైంది. పొడవుకు సమాకలని రాయమంటే సగం క్లాసు "ఆర్ డీథీటా" అని రాసి పెట్టింది.

"వృత్తానికైతే గదే సరిపోతది. సకినానికి ఎట్ల సరిపోతది?" అన్నాను.

అప్పుడు దగ్గు వినిపించింది.

"ఏందమ్మా, చెప్పు."

"సార్, సకినం చుట్టేటప్పుడు చెయ్యి తిరుగుడు ఒక్కటే కాదు గదా. తిరుక్కుంటనే జర బయటికి జరుగుతది. మీరు తిరుగుడు లెక్క వట్టిన్రు. జరుగుడు ఇడిసిపెట్టిన్రు."

"నేను ఇడిసిపెట్టలే. మీ దోస్తులు ఇడిసిపెట్టిన్రు."

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల మాత్రం నవ్వకుండా వచ్చి బోర్డు మీద వేసి చూపించింది. చాలా చిన్న ముక్క తీసుకుంటే, తిరగడం వల్ల వచ్చే పొడవు ఆర్ డీథీటా ఒక భుజం. బయటికి జరగడం వల్ల వచ్చేది డీఆర్, దానికి లంబంగా రెండో భుజం. ఆ ముక్క ఆ రెంటికీ కర్ణం. అందుకే వర్గమూలం కింద r² కు (dr/dθ)² కలిపి, దాన్ని థీటాతో సమాకలనం చెయ్యాలి. కర్ణం సూత్రం తప్ప ఇందులో మాయేమీ లేదు. సకినాన్ని ఆఖరుకు ముక్కలు చేసుకుని తిన్నారు. నాకు నడిమి చిన్న ముక్క కూడా మిగల్చలేదు. అది కూడా గుర్తుంది.

సూత్రం రాయడం తేలిక. కష్టమంతా అవధుల్లో ఉంది. థీటా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగితే వక్రం ఒక్కసారి పూర్తవుతుందో చూడాలి. మా దగ్గర అది చూసే అలవాటు లేదు. పరీక్షలో ఏటా వచ్చేది ఒకటే, కార్డియాయిడ్, గుండె ఆకారపు వక్రం. దానికి గైడులో ఒక సూత్రం ఉంటుంది: సగం కట్టి రెట్టింపు చెయ్యి. సున్నా నుంచి పై వరకు పోతే గుండెలో మీది సగం వస్తుంది, దాన్ని రెట్టింపు చేస్తే మొత్తం వస్తుంది. సరైన పద్ధతే. కానీ గుండెకు సరైనది. ఏళ్ల తరబడి గుండె తప్ప ఇంకొకటి అడగకపోయేసరికి, పోలార్ వక్రం అంటేనే సున్నా నుంచి పై వరకు కట్టి రెట్టింపు చెయ్యడం అని అందరి చేతులకూ అలవాటైపోయింది. పిల్లల చేతులకే కాదు.

ఆ ఏడు ప్రశ్న మారింది. ఎవరో పుణ్యాత్ముడు గుండెను పక్కనబెట్టి r = 2 cos θ ఇచ్చాడు. దాని మొత్తం పొడవుకు సమాకలని రాసి విలువ కనుక్కోమన్నాడు.

ఇది గీసి చూస్తే వృత్తం. మూలబిందువును తాకుతూ, వ్యాసం రెండు ఉన్న వృత్తం. వర్గమూలం కింద ఉన్నదంతా కలిసి నాలుగవుతుంది, బయటికి రెండు వస్తుంది. ఆ రెండును థీటాతో సమాకలనం చెయ్యడమే. మరి ఎక్కడి నుంచి ఎక్కడి దాకా? సున్నా నుంచి సగం పై వరకు పోతే మీది అర్ధవృత్తం అయిపోతుంది. సగం పై దాటాక కొసైను రుణమవుతుంది. ఆర్ రుణమైతే, ముఖం ఒక దిక్కుకు పెట్టి వెనక్కి నడిచినట్టు. చూపు ఎడమ మీదికి, అడుగు కుడి కిందికి. అట్లా పై దాకా వెళ్లేసరికి కింది అర్ధవృత్తం కూడా పూర్తవుతుంది. అంటే సున్నా నుంచి పై వరకు సగం కాదు, మొత్తం. జవాబు రెండు పై. దాన్ని రెట్టింపు చేస్తే వృత్తాన్ని రెండుసార్లు చుట్టినట్టు.

పేపర్లు దిద్దడానికి నన్నూ పిలిచారు. స్పాట్ అంటాం దాన్ని. పెద్ద హాలు, వరుసగా బల్లలు, బల్ల మీద కట్టలు, నంబర్లు కనపడకుండా కోడ్ వేసిన పేపర్లు. మొదటి రోజు పొద్దున చీఫ్ ఎగ్జామినర్ సారు కీ, అంటే ఏ ప్రశ్నకు ఏ జవాబు రావాలో రాసిన కాగితం, చదివి వినిపించారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ముప్పావు జిల్లాకు లెక్కలు చెప్పిన చెయ్యి ఆయనది. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి "సగం కట్టి రెట్టింపు, నాలుగు పై" అన్నారు. అందరూ రాసుకున్నారు. నేను చెయ్యెత్తాను.

చూడలేదు. మళ్లీ ఎత్తాను. నా పక్కనున్న అన్న, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన లెక్చరర్, నా మోచెయ్యి కిందికి గుంజాడు.

"గమ్మున కూసో తమ్మీ. చాయ్ వస్తాంది."

నేను లేచి నిలబడ్డాను. "సార్, అది వృత్తం. వ్యాసం రెండు. చుట్టుకొలత రెండు పై."

చీఫ్ సారు కళ్లద్దాలు తీసి చూశారు. "ఏ కాలేజీ నీది?"

చెప్పాను.

"రెగ్యులరా?"

"గెస్టు సార్."

"ఆహా," అన్నారు. ఆ ఆహా ఇప్పటికీ నా చెవిలో ఉంది. "చూడు బాబూ, వృత్తం చుట్టుకొలత రేఖాగణితం ప్రశ్న. ఇది పోలార్ ప్రశ్న. యూనిట్లు వేరు."

హాల్లో కొందరు నవ్వారు. నేను కూర్చోలేకపోయాను. కాళ్లు ఆగవు నాకు, అది నా జబ్బు. చాక్‌పీసు తీసుకుని హాలు మధ్యలో బండల మీద వృత్తం గీశాను. మూలబిందువు దగ్గర నిలబడి, "ఇదిగో సార్, థీటా సున్నా, రెండు దూరం ముందుకు" అని నడిచి చూపించాను. తిరుగుతూ, దగ్గరవుతూ సగం పై దగ్గర మూలబిందువుకు వచ్చి చేరాను. "ఇగ ఇక్కడ్నుంచి ఆర్ మైనస్సు. ముఖం అటు, నడక ఇటు" అని కిటికీ దిక్కు చూస్తూ వెనక్కి అడుగులు వేశాను. కింది అర్ధవృత్తం మీద సగం దూరం కూడా పోలేదు, చాయ్ పళ్లెంతో వస్తున్న అటెండరుకు నా వీపు తగిలింది.

"సారూ! వెనక కండ్లున్నయా?" అని అరిచాడు. చాయ్ అంతా నా గీత మీద పోయింది.

ఇగ ఆ నవ్వు ఆగలేదు. "పోలార్ చాయ్" అన్నారెవరో. "మైనస్ ఆర్ సారు" అన్నారు ఇంకొకరు. స్పాట్ అయిపోయేదాకా నా పేరు అదే. నేను చెప్పింది సరైనదో కాదో ఒక్కరూ మాట్లాడలేదు. మహబూబ్‌నగర్ అన్న మాత్రం కాగితం మీద గీసుకుని, చాలాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వన్నదే కరెక్ట్ తమ్మీ," అన్నాడు మెల్లగా.

"మరి లేచి చెప్పరాదే అన్నా?"

"నాకు ప్రమోషన్ ఉంది."

సాయంత్రం చీఫ్ సారు బల్ల దగ్గరికి వెళ్లాను. ఆయనకు ఈసారి కోపం లేదు, అలసట ఉంది. "నీ మాట నిజమే అనుకో. పొద్దటి నుంచి దిద్దిన కట్టలన్నీ మళ్ల విప్పాల్నా? రిజల్ట్ ఆగితే జవాబు ఎవరు చెప్తరు?" అన్నారు.

"తప్పు మార్కులకు ఎవరు చెప్తరు సార్?"

"నువ్వు కీ ప్రకారం దిద్దుతవా, పోతవా?"

నేను కీ ప్రకారం దిద్దలేదు. రెండు పై రాసిన వాళ్లకు పూర్తి మార్కులు వేశాను. మరునాడు నా కట్ట తీసి వేరేవాళ్లకిచ్చారు. నన్ను రావద్దన్నారు. మరుసటి ఏడు నుంచి పిలవనే లేదు.

ఫలితాలు వచ్చాక ఆ పిల్ల కాలేజీకి వచ్చింది. పీజీ ఎంట్రెన్సులో మంచి ర్యాంకు. క్యాంపస్‌లో సీటు ఖాయం. కానీ గణితం ఒక పేపరు పోయింది. డిగ్రీ పాసవకపోతే సీటు లేదు. జవాబు పత్రం నకలు తెప్పించుకుని నా ముందు పెట్టింది. నేను మొదట ఆ ప్రశ్నే తీశాను. మీది అర్ధవృత్తం గీసి, సున్నా నుంచి సగం పై వరకు సమాకలని రాసి, దాన్ని రెట్టింపు చేసి, రెండు పై తెచ్చింది. కింద ఒక వాక్యం కూడా రాసింది, ఇది వృత్తం కాబట్టి సరిచూసుకోవచ్చని. పక్కనే ఎర్ర సిరాతో గుండ్రటి సున్నా. ఆ ప్రశ్నకు సగం మార్కులు పడ్డా పాసయ్యేది.

"నేను తప్పు రాసిన్నా సార్?" అని అడిగింది.

"లేదమ్మా."

"మరి?"

పునఃపరిశీలనకు పెట్టించాను. మార్పు లేదని వచ్చింది. వాళ్లు మార్కుల కూడిక చూస్తారట, జవాబు చూడరట. నేను బస్సెక్కి యూనివర్సిటీకి వెళ్లాను. ఒక గది నుంచి ఇంకో గదికి పంపారు. ఆ గదిలో సారు లేరు. వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే గుమస్తా "జర ఒకతాన కూసోండ్రి సార్, తల తిరుగుతాంది" అన్నాడు. నాకు తిరగట్లేదా తల?

అడ్మిషన్ గడువు దాటిపోయింది. సీటు ఇంకొకరికి పోయింది. ఆ పిల్ల ఇంటికెళ్లి తల్లితో పాటు అద్దకం కోసం దారానికి రబ్బరు ముడులు కడుతూ సప్లిమెంటరీకి చదువుకుంది. పరీక్షకు ముందు ఒకసారి వచ్చింది.

"సార్, మళ్ల గదే ప్రశ్నొస్తే ఏం రాయాలె?"

"రెండు పై. ఇంకేం రాస్తవు?"

"రాసిన గద సార్ ఒకపారి."

"నిజం మారదమ్మా."

"నిజం మారదు సార్. కీ గూడ మారదు. మీకేమో జవాబు ముఖ్యం. నాకేమో సీటు ముఖ్యం. మా అవ్వ అడుగుతాంది, లెక్కల ఫస్టొచ్చే పిల్లవు లెక్కలనే ఎట్ల పోయినవే అని. ఆమెకు పోలార్ చెప్పాల్నా?"

నేను కోపం తెచ్చుకున్నాను. ఎన్ని రోజులు వాదించినా నా మాట అదే అన్నాను. ఆమె లేచి వెళ్లిపోయింది. వెళ్తానని కూడా చెప్పలేదు.

అదే ప్రశ్న వచ్చింది. అక్షరం మారకుండా వచ్చింది. ఫలితాలయ్యాక డబ్బాలో సకినాలు పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టింది.

"పాసైన సార్."

"ఏం రాసినవు?"

ఆమె కిటికీ దిక్కు చూసింది. "సున్నా నుంచి పై దాక కట్టి, రెట్టింపు చేసిన. నాలుగు పై. పూర్తి మార్కులు ఏసిన్రు. మంచిగ దిద్దిన్రు సార్, ఒక్క మార్కు గూడ కొయ్యలే."

ఆ రోజు నేను ఆ సకినాలు ముట్టుకోలేదు. స్టాఫ్ రూములో మిగతావాళ్లు తిన్నారు. తప్పు రాయగలిగిందని ఆమె మీద కూడా నాకు చాలా రోజులు కోపం ఉండింది. అది దాచను. కానీ ఆ కోపం ఆమె మీద పడాల్సింది కాదు, అది చేరవలసిన అడ్రసు వేరే ఉంది. సరిగ్గా లెక్క కట్టగలిగిన పిల్ల, తప్పును శుభ్రంగా, అవధులతో సహా, అండర్‌లైన్ చేసి రాయవలసి వచ్చింది. దానికి పూర్తి మార్కులు వేశారు.

అప్పటి నుంచి నేను అర్జీలు పెడుతూనే ఉన్నాను. కీ మార్చండి, అంతే. ప్రశ్నల బ్యాంకులో ప్రశ్న పక్కనే ఆ కీ కూడా చేరిపోయింది. ప్రశ్న వచ్చిన ప్రతిసారీ దాని వెంట ఆ నాలుగు పై కూడా వస్తుంది. చీఫ్ సారు రిటైరయ్యారు. సన్మాన సభ జరిగింది. నేను పోయి చివర్లో నిలబడ్డాను. ప్రసంగాలయ్యాక దగ్గరికి వెళ్లి "సార్, ఆ వృత్తం" అన్నాను. "ఏ వృత్తం?" అన్నారు. నిజంగానే మరిచారో, మరిచినట్టు చేశారో తెలియదు. నాకు మాత్రం ఆయన తీసిన కళ్లద్దాల ఫ్రేము రంగు కూడా గుర్తుంది.

ఆ పిల్ల ఏడాది ఆలస్యంగా క్యాంపస్‌లో చేరి ఎమ్మెస్సీ చేసింది. ఇప్పుడు కొత్తకోటలో ఒక డిగ్రీ కాలేజీలో చెబుతోంది. గెస్టే. అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. "ఇగ ఇడిసిపెట్టుండ్రి సార్, మీ బీపీ పెరుగుతది" అనేది. నేను ఇడిసిపెట్టను అనేవాణ్ని. ఇద్దరం వేరే మాటల్లోకి పోయేవాళ్లం.

ఈసారి మధ్యాహ్నం పూట చేసింది. గొంతు వేరేగా ఉంది. మహబూబ్‌నగర్‌లో స్పాట్‌కు పిలిచారట. సెల్లు లోపలికి రానియ్యరు కాబట్టి, భోజనం టైంలో బయట చెట్టు కింద నిలబడి మాట్లాడుతోంది.

"సార్, గదే ప్రశ్న. గదే కీ."

నేను మంచం మీద నుంచి లేచాను.

"నా కట్టల ఎవరో రెండు పై అని రాసిన్రు సార్. కింద వృత్తం అని గూడ రాసిన్రు. నా లెక్కనే. పిల్లనో పోరడో తెల్వదు. కీ ప్రకారం సున్నా ఎయ్యాలె."

"ఏసినవా?"

"ఎట్ల ఏస్త సార్? లేచి అడిగిన. కూసో అన్నరు. కూసోలే. రెగ్యులరా, గెస్టా అని అడిగిన్రు."

"ఏమన్నవు?"

"వృత్తం వ్యాసం రెండు అన్న."

నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

"మళ్ల లోపలికి పోతున్న సార్. జవాబు చెప్పేదాక నిలబడే ఉంట. కట్ట తీస్కుంటే తీస్కోనియ్యుండ్రి. కానీ సున్నా మాత్రం నా చేతితోని పడదు." ఫోను పెట్టేసింది. ఈసారి పోతున్నానని చెప్పి పెట్టింది.

నేను ఇంట్లో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూ ఇది రాస్తున్నాను. ఆమె లోపల నిలబడి ఉంది. ఆ పేపరు రాసిన బిడ్డ ఏ ఊళ్లోనో ఫలితం కోసం చూస్తోంది. ఆ బిడ్డకు కూడా ఎక్కడో ఒక సీటు ఉండి ఉంటుంది, దానికీ ఒక గడువు ఉండి ఉంటుంది.

చీఫ్ సారూ, మీరెక్కడున్నా సరే. మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న సారు గారూ, మీరూ. నా ఉద్యోగం అడగట్లేదు, శాలువా అడగట్లేదు, క్షమాపణ కూడా వద్దు. ఒక దారం తీసుకోండి. వ్యాసం రెండు ఉన్న వృత్తం చుట్టూ ఒక్కసారి తిప్పండి. రెండుసార్లు కాదు, ఒక్కసారి. ఆ దారం పొడవు ఎంత? రెండు పైయా, నాలుగు పైయా? ఆమెను కూర్చోమనకండి. జవాబు చెప్పండి.